రైతు సభలో ప్రశ్నలు ఎప్పుడు తీసుకోవాలి? జవాబులు ముందే తయారుగా పెట్టుకోవడం తప్పా?

రెండో ఏడు ఏఈవో

నేను వ్యవసాయ విస్తరణ అధికారిని. పత్తిలో గులాబీ రంగు పురుగు మీద రైతు వేదికలో ముప్పావుగంట మాట్లాడాను. ప్రశ్నలు చివర్న పెట్టాను. మొదటి ప్రశ్నే పంట నష్టం డబ్బులు ఎప్పుడు పడతాయని. ఇక ఇరవై నిమిషాలు అదే. బయటికొచ్చాక నలుగుర్ని అడిగితే, చేనులో పెట్టే లింగాకర్షక బుట్టలో ఎన్ని రెక్కల పురుగులు పడితే మందు కొట్టాలో ఒక్కరికీ గుర్తు లేదు. వచ్చే మంగళవారం ఇంకో ఊళ్లో ఇదే మాట్లాడాలి. ప్రశ్నలు ముందు పెట్టాలా, మధ్యలోనా, చివరా? శిక్షణలో "బ్రిడ్జింగ్ ఆన్సర్లు రాసి పెట్టుకో" అన్నారు. రైతు అడిగింది పక్కకు నెట్టి నా పాట నేను పాడుకోవడం మోసం అనిపిస్తోంది. మీరేమంటారు?

విస్తరణలో పాతికేళ్లు

తమ్ముడూ, నీ మాటల్లో తప్పు ఉందనుకోను. ప్రశ్నలు పెట్టిన చోటే తప్పు. సభకు వచ్చిన మనిషి ఆఖరున విన్న మాట పట్టుకుని ఇంటికి పోతాడు. ప్రశ్నలతో ముగించావంటే ఆ ఆఖరి మాటను గదిలో గట్టిగా మాట్లాడేవాడి చేతిలో పెట్టినట్టే.

నేను ఇలా చేసేవాణ్ని. ముప్పావుగంటలో మొదటి ఐదు నిమిషాలు జనం సర్దుకోవడానికే పోతాయి, వాటిని లెక్కలో పెట్టుకోకు. ఇరవై నిమిషాలు నీ మాట. పదిహేను నిమిషాలు ప్రశ్నలు. ఆ తర్వాత మళ్లీ ఐదు నిమిషాలు నీవే, ఎవరికీ ఇవ్వకూడదు. ఆ ఐదు నిమిషాల్లో కొత్త సంగతి ఏదీ చెప్పవద్దు. ఒకే ఒక్క మాట: బుట్టకు 8 రెక్కల పురుగులు, వరుసగా మూడు రాత్రులు పడితే మందు కొట్టే సమయం వచ్చిందని. ఆ ముగింపు నోటికి వచ్చేలా చూసుకో. సమయం తరిగిపోతే ముందున్న ఇరవై నిమిషాల్లో కోసుకో, ముగింపు జోలికి పోకు. ఈ ఏర్పాటంతా మొదట్లోనే చెప్పెయ్యాలి: "ఇరవై నిమిషాలయ్యాక మీ ప్రశ్నలు వింటాను, ఆ తర్వాత ఒక ముఖ్యమైన లెక్క చెప్పి పంపిస్తాను" అని. అలా చెప్పకపోతే ప్రశ్నలు మొదలవగానే సభ అయిపోయిందనుకుని సగం మంది చెప్పులు వేసుకుంటారు.

ఇంకొకటి. "ఇదే ఆఖరి ప్రశ్న" అని ఎప్పుడూ అనకు. ఆ ఆఖరిది గొడవ ప్రశ్న అయితే ఇరుక్కుపోతావు. "ఇంకా ఒకటి రెండు తీసుకుందాం" అను. మంచి ప్రశ్న వచ్చి, జవాబు బాగా కుదిరిన చోట ఆపెయ్యి.

ఇక తయారు జవాబుల సంగతి. నువ్వు మోసం అనుకుంటున్నది చెడ్డ తయారీని. ఒక ఉదాహరణ చెబుతాను. రైతు లేచి, "తేమ ఉందని నా పత్తి తిప్పి పంపారు, ముందు దాని సంగతి చెప్పు" అన్నాడనుకో. "మంచి ప్రశ్న, కానీ అంతకంటే ముఖ్యమైంది గులాబీ పురుగు" అన్నావంటే అది మోసమే. ఆ మనిషికి తన పత్తి కంటే ముఖ్యమైంది ఇంకేముంటుంది?

దాన్నే ఇలా చెప్పు. "తేమ 12 శాతం దాటితే మద్దతు ధర కేంద్రంలో తీసుకోరు. 8 దాకా పూర్తి ధర, ఆ పైన 12 దాకా తేమను బట్టి కోత ఉంటుంది. అందుకని ఏరిన పత్తిని ఎండలో బాగా ఆరబెట్టి, పొద్దెక్కాక బండి కట్టండి." ఇంతవరకు అతని ప్రశ్నకు జవాబు. ఇప్పుడు దానికి నీ విషయాన్ని కలుపు: "తేమ ఆరబెడితే పోతుంది. పురుగు తొలిచిన కాయలో పత్తికి పట్టిన పసుపు మరక మాత్రం ఎంత ఆరబెట్టినా పోదు. ఆ పత్తి మంచి కుప్పలో కలిస్తే చూసేవాడు కుప్ప మొత్తానికీ ధర తగ్గిస్తాడు. కాబట్టి పుచ్చిన కాయల పత్తి వేరే సంచిలో ఏరండి. అసలు పుచ్చు రాకుండా ఉండాలంటే ఆ బుట్టలో లెక్క చూడాలి." మళ్లీ నీ దారిలోకి వచ్చేశావు. ఎవర్నీ నెట్టలేదు. అతని బాధకూ నీ విషయానికీ నిజంగా ఉన్న లంకెనే చూపించావు.

అలాంటి లంకె లేని ప్రశ్నకు లేనిదాన్ని కట్టబోకు. పంట నష్టం డబ్బుకూ పురుగుకూ లంకె లేదు. అక్కడ నీకు తెలిసినంత చెప్పు: జాబితా పై ఆఫీసుకు పంపావా లేదా, అతని పేరు అందులో ఉందో లేదో ఎక్కడ చూసుకోవచ్చో. "డబ్బు ఎప్పుడు పడుతుందన్నది నా చేతిలో లేదు, తేదీ చెబితే అబద్ధమవుతుంది" అని చెప్పు. పేరు, సర్వే నంబరు నోటుబుక్కులో అందరి ముందూ రాసుకో. ఆ రాయడం చాలా ముఖ్యం, రైతు నీ నోటి కంటే నీ పెన్ను చూస్తాడు. అంతా అర నిమిషం. తర్వాత "ఇప్పుడు పురుగు సంగతికి వద్దాం" అని సూటిగా వచ్చెయ్యి.

ప్రశ్నలు ముందే ఎలా తెలుస్తాయంటావా? సభకు గంట ముందు ఆ ఊరి టీ కొట్టు దగ్గర కూర్చో. ఎరువుల దుకాణంలో పది నిమిషాలు నిలబడు. వచ్చే పది ప్రశ్నల్లో ఏడెనిమిది అక్కడే వినపడతాయి. ఒక్కోదానికి జవాబు పైకి చదివి గడియారం చూసుకో. 40 సెకన్లు దాటితే అది జవాబు కాదు, రెండో ఉపన్యాసం.

సూటి మాట

పెద్దాయన అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఈ "కలుపు" అన్నది టీవీ చర్చల్లో రోజూ చూస్తున్నదే. రోడ్డు గురించి అడిగితే "రోడ్డు గురించి అడిగారు, సంతోషం, మా హయాంలో ఆసుపత్రులు..." అంటారు. వినేవాళ్లు ఎంత సులువుగా మోసపోతారో చూపించిన ప్రయోగాలు కూడా ఉన్నాయి. అమెరికాలో టాడ్ రోజర్స్, మైకేల్ నార్టన్ అనే ఇద్దరు 2011లో ప్రచురించారు. అడిగిన ప్రశ్నకు కాకుండా దానికి దగ్గరగా ఉన్న వేరే ప్రశ్నకు జవాబు చెప్పినా, ధారాళంగా చెబితే చాలామంది పసిగట్టలేదు. పైగా అడిగినదానికే తడబడుతూ జవాబు చెప్పినవాడి కంటే, వేరేదానికి ధారాళంగా చెప్పినవాడికే మంచి మార్కులు పడ్డాయి. అంటే ఇది పనిచేసే విద్యే. పనిచేస్తుంది కాబట్టే ప్రభుత్వ జీతం తీసుకునేవాడు దీన్ని రైతు మీద వాడకూడదు.

నా మట్టుకు ప్రశ్నలు చివరనే ఉండాలి, గడియారం లేకుండా ఉండాలి. ఆఖరి రైతు ఆఖరి ప్రశ్న దాకా నిలబడాలి. ముగింపు మాట నాదే కావాలనుకోవడం మైకు మీద మోజు తప్ప ఇంకేమీ కాదు.

లెక్కల టీచరమ్మ

సూటి మాట గారూ, ఆ ప్రయోగంలో మీరు చెప్పని సగం ఉంది. అడిగిన ప్రశ్నను తెర మీద అక్షరాల్లో ఉంచినప్పుడు జనం దాటవేతను పసిగట్టారు. అంటే మోసానికి మందు కూడా అందులోనే ఉంది.

నేను హైస్కూలు టీచర్ని. తల్లిదండ్రుల సమావేశాల్లో ఇదే చేస్తాను. ఎవరు ఏమి అడిగినా వాళ్ల మాటల్లోనే నల్లబల్ల మీద రాస్తాను. జవాబు చెప్పాక అడిగినవాళ్ల వైపు తిరిగి "కొట్టెయ్యనా?" అంటాను. వాళ్లు సరే అంటేనే గీత పెడతాను. ఇలా చేస్తే నేను జారిపోవాలనుకున్నా జారలేను. రైతు వేదికలో బోర్డు ఉంటుంది కదా? ఏఈవో తమ్ముడు తయారు జవాబు చెప్పనీ, కలుపు మాట కూడా చెప్పనీ. ప్రశ్న మాత్రం కళ్ల ముందు రాసి ఉంటే చాలు.

విస్తరణలో పాతికేళ్లు

అమ్మా, మీ పద్ధతి నాకు నచ్చింది. ఒక్క ఇబ్బంది ఉంది. బోర్డు మీద "నష్టం డబ్బులు ఎప్పుడు?" అని రాసి, దానికి నా దగ్గర జవాబు లేకపోతే ఆ గీత ఎప్పటికీ పడదు. సభ అయ్యేదాకా అరవై మంది దాన్నే చూస్తూ కూర్చుంటారు. నేను పురుగు గురించి చెప్పేది వాళ్ల కంటికి ఆనదు. బడిలో బోర్డు మీద మీకు అధికారం ఉంది. మాకు సగం ప్రశ్నల మీద అధికారమే లేదు. నా చేతిలో ఉన్న ప్రశ్నలు బోర్డు మీద, లేనివి నోటుబుక్కులో రాసుకోవడం మేలనిపిస్తుంది.

సూటి మాటకు: గడియారం లేకుండా నిలబడితే ఆఖరికి మిగిలేది ఊళ్లో ఖాళీగా ఉన్న పదిమంది. పత్తి చేనున్నవాడు ఆ సరికి వెళ్లిపోయి ఉంటాడు.

పద్యప్రియ

అప్రస్తుత ప్రసంగం పేరెత్తకుండా మనవాళ్లు ఈ చర్చ చేస్తున్నారేమిటి! అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరి పనే అది. అవధాని నిషిద్ధాక్షరిలో ఒక్కో అక్షరం తప్పించుకుంటూ పద్యం కడుతుంటే, ఆయన మధ్యలో దూరి కూరగాయల ధర గురించో, కొత్త సినిమా గురించో అడుగుతాడు. అవధాని వినలేదని నటించకూడదు. కోప్పడకూడదు. ఒకటి రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, ఏ పాదం దగ్గర ఆగాడో సరిగ్గా అక్కడికే తిరిగి రావాలి. ఆ తిరిగి రావడమే అక్కడ పరీక్ష.

ఇంకో సంగతి గమనించండి. అవధానం ప్రశ్నలతో ముగియదు. అన్ని ఆవృత్తులూ అయ్యాక ధారణ ఉంటుంది, పూరించిన పద్యాలన్నీ అవధాని వరసగా అప్పజెబుతాడు. ప్రశ్నలు మధ్యలో, మూట కట్టి ఇచ్చేది చివర. పెద్దాయన చెప్పిన ఆఖరి ఐదు నిమిషాలు ఆ ధారణే. ఏఈవో గారు ఆ ఐదు నిమిషాల్లో "ఇందాక ఫలానా ఆయన తేమ గురించి అడిగారు, ఈయన పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూల గురించి అడిగారు" అని అడిగినవాళ్ల మాటలు కూడా కలిపి చెబితే సభ మొత్తం తమదనిపిస్తుంది.

మిర్చి కౌలు

నేను ఖమ్మం వైపు మిర్చి కౌలు రైతుని. మీరు చెప్పే మాటలన్నీ బల్ల అవతల నుంచే ఉన్నాయి, ఇవతల కూర్చునేవాడి మాట ఒకటి వినండి.

2021లో మాకు నల్ల తామర పురుగు పడింది. పువ్వులో చేరి పూత మొత్తం రాల్చేసింది. తెచ్చిన మందులన్నీ కొట్టినా ఆగలేదు. అప్పుడు మా ఊరికి ఒక సారు వచ్చి ఏదో చెప్పారు. బాగానే చెప్పి ఉంటారు. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. కౌలు ఎట్లా కట్టాలి, కౌలుదారుకు నష్టపరిహారం ఇస్తారా ఇవ్వరా అన్నదే తలలో తిరుగుతోంది. గొంతులో ప్రశ్న అడ్డం పడి ఉంటే చెవిలోకి మాట దిగదు. అడుగుదామని లేస్తే "చివర్లో, చివర్లో" అని కూర్చోబెట్టారు. చివరికి పాలు పోసే వేళయింది, లేచి వచ్చేశాను.

అందుకని నేనైతే ముందే తీసుకోమంటాను. మైకు పట్టుకోగానే "మీ మనసులో ఏముందో పది నిమిషాలు చెప్పండి, రాసుకుంటాను" అనాలి. జవాబు లేకపోయినా పరవాలేదు, విన్నాడన్న తృప్తి ఉంటుంది. ఆ తర్వాత పురుగు గురించి గంట చెప్పినా వింటాం. అవధానం చూడటానికి పోయినవాడు సరదాకి అడుగుతాడు. మేము సరదాకి అడగం.

న్యూజెర్సీ నుంచి

నాకు అర్థమైనంతవరకు ఇక్కడ సమస్య స్లైడ్లది. సాఫ్ట్‌వేర్ సదస్సుల్లో నాకు 20 నిమిషాల మాట, 5 నిమిషాల ప్రశ్నలు ఇస్తారు. మొదట్లో నా ఆఖరి స్లైడ్ మీద పెద్ద అక్షరాల్లో "ప్రశ్నలు?" అని ఉండేది. ప్రశ్నల సమయమంతా తెర మీద ఆ ఒక్క పదమే. ఇప్పుడు దాన్ని తీసేసి ముగింపు స్లైడ్‌నే అలా వదిలేస్తున్నాను. దాని వెనక ఎవరికీ చూపించని నాలుగైదు స్లైడ్లు పెట్టుకుంటాను. "ఇది ఎక్కువ లోడు మీద పరీక్షించారా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, వెంటనే ఆ పట్టిక తీస్తాను. ఏఈవో గారు కూడా ప్రొజెక్టర్‌తో ఇలా చేయవచ్చు.

రెండో ఏడు ఏఈవో

అన్నా, మా దగ్గర కరెంటు ఉంటే ప్రొజెక్టర్, లేకుంటే నా గొంతు. కానీ దాచిపెట్టుకున్న స్లైడు ఆలోచన వేరేలా పనికొస్తుంది. సంచిలో కాయలు పెట్టుకుంటాను.

మిర్చి అన్న మాట చదివాక నిద్ర పట్టలేదు. పోయినసారి నేను కూర్చోబెట్టినవాళ్లలో అలాంటివాళ్లు ఎందరున్నారో. కానీ ముందే మైకు ఇస్తే పది నిమిషాలు అర గంట అయితే? ఇంకో రెండు అనుమానాలు. ఒక్కోసారి "ప్రశ్నలు అడగండి" అంటే ఒక్కరూ లేవరు. ఆడవాళ్లు అసలే అడగరు, చేనులో పత్తి ఏరేది, గుడ్డి పూలు ముందు చూసేది వాళ్లే.

సభాపర్వం

మిర్చి కౌలు గారి మాటకు ఢిల్లీలో ఒక సాక్ష్యం ఉంది. పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయం రెండు సభల్లోనూ పొద్దున 11 గంటలకే ఉండేది. సభ మొదలవగానే ఆ రోజు గొడవంతా లేచి ప్రశ్నలను మింగేసేది. అందుకని 2014లో రాజ్యసభ దాన్ని మధ్యాహ్నం 12కి జరిపింది. సభ్యులు అత్యవసరంగా లేవనెత్తాలనుకున్నవి ముందు, ప్రశ్నలు తర్వాత. లోక్‌సభ 11కే ఉంచుకుంది. అంటే ఆవేదన వేరు, ప్రశ్న వేరు. రెండింటినీ ఒకే గంటలో పెడితే ఆవేదనే గెలుస్తుంది. ఏఈవో గారు కూడా రెండు సార్లు పెట్టుకోవాలి: మొదట్లో కొద్దిసేపు ఆవేదన, మాట అయ్యాక పురుగు మీద ప్రశ్నలు, చివర ముగింపు.

సూటి మాట

గొడవ పడాలనుకున్న రోజు రాజ్యసభలో 12 గంటల ప్రశ్నలు కూడా కొట్టుకుపోయాయి. వేళ మారిస్తే గొడవ పోదు. గొడవకు కారణం పోవాలి.

బోర్డు విషయంలో మాత్రం టీచరమ్మ గారి మాట ఒప్పుకుంటున్నాను. ప్రశ్న రాసి ఉంచి జవాబు చెప్పేట్టయితే, తయారు జవాబు మీద నాకున్న అభ్యంతరం చాలావరకు పోతుంది. ముందు జవాబు, తర్వాతే కలుపు అన్న వరస తప్పకూడదు.

విస్తరణలో పాతికేళ్లు

మొదట్లో ఆవేదన వినడం నేను ఎప్పుడూ చేయలేదు. భయం వల్లే చేయలేదని ఇప్పుడు అనిపిస్తోంది. చేస్తే ఒక హద్దు పెట్టుకో తమ్ముడూ: అక్కడ వినడం, రాసుకోవడం మాత్రమే, జవాబు చెప్పకు. ఒక్కదానికి జవాబు మొదలుపెట్టావా, పది చేతులు లేస్తాయి. అందరివీ విన్నాక వాటిలో నీకు తెలిసిన రెండింటికి కలిపి ఒక్కసారి చెప్పు.

ఎవరూ లేవకపోవడం గురించి. "ప్రశ్నలున్నాయా?" అంటే లేవని చెప్పడం తేలిక. "మీలో ఎవరి చేనులో గుడ్డి పూలు కనపడ్డాయి?" అని అడిగి చూడు. చెయ్యి ఎత్తినవాణ్ని "ఎన్ని?" అను. అక్కడే మాట మొదలవుతుంది. అడిగాక నోరు మూసుకుని మనసులో పది దాకా లెక్కపెట్టు. మైకు ముందు పది లెక్కపెట్టడం ఎంత కష్టమో చేస్తే తెలుస్తుంది. మూడు దగ్గరే మనం మళ్లీ మాట్లాడేస్తాం.

ఆడవాళ్ల విషయంలో నాకు కుదిరింది చీటీలు. మహిళా సంఘం సభ్యురాలు ఎవరైనా ఒకరికి ముందురోజే చెప్పు. అమ్మలు ఆమెతో చెబితే ఆమె రాసి ఇస్తుంది. పేరు లేకుండా చదువుతావు. రాయడం రానివాళ్ల ప్రశ్న కూడా వస్తుంది. నాకు వచ్చిన చీటీల్లో మందు కలిపే చేతుల మంట గురించి ఉండేది. మగవాళ్లు ఒక్కరు కూడా అది అడగలేదు.

మొదటి ప్రశ్న అడగమని ఒకరిద్దరు రైతులకు ముందే చెప్పిపెట్టడం కూడా ఉంది. నేను చేశాను.

సూటి మాట

అది మాత్రం ఒప్పుకోను. చెప్పి అడిగించిన ప్రశ్న నాటకం. ఊరు చిన్నది, సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

లెక్కల టీచరమ్మ

ప్రశ్న ఆ రైతుదే అయితే? టీ కొట్టు దగ్గర అతను నిజంగా అడిగినదాన్ని "ఇదే సభలో అడగండి, అందరికీ పనికొస్తుంది" అనడంలో నాటకం ఏముంది? మాటలు మనం రాసిస్తే అది నాటకం.

సూటి మాట

ఆ గీత ఎంత సన్ననిదో మీకూ తెలుసు టీచరమ్మ గారూ.

రెండో ఏడు ఏఈవో

మంగళవారం సభ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గంట ముందు టీ కొట్టు దగ్గర కూర్చున్నాను. పెద్దాయన చెప్పినట్టే ప్రశ్నలు అక్కడే దొరికాయి. నష్టం డబ్బులు, తేమ, యూరియా, "బీటీ అని అంత ధర పెట్టి కొన్నాం, మళ్లీ పురుగేంది?" ఒక్కోదానికి నోటుబుక్కులో మూడేసి వాక్యాలు రాసుకున్నాను. పక్క చేనులో అడిగి లేత పచ్చి కాయలు 20 కోసుకుని సంచిలో వేసుకున్నాను.

ఆవేదనకు ఎనిమిది నిమిషాలు అనుకున్నాను, పద్నాలుగు అయింది. జవాబు చెప్పొద్దన్నారు గానీ, ఒక పెద్దాయన నష్టం డబ్బుల మీద నిలదీస్తే నోరు ఆగలేదు, చెప్పేశాను. అక్కడే ఆరు నిమిషాలు పోయాయి. పదకొండు పేర్లు రాసుకున్నాను. తర్వాత గది మారింది. కుర్చీలు కదలడం ఆగింది. అది మాత్రం మిర్చి అన్న చెప్పినట్టే జరిగింది.

నా మాట ఇరవై నుంచి పదమూడు నిమిషాలకు కోశాను. పురుగు జీవిత చక్రం మొత్తం తీసేశాను. ఎవరూ దాన్ని అడగలేదు.

ప్రశ్నల్లో బీటీ సంగతి వచ్చింది. బోర్డు మీద ఆయన మాటల్లోనే రాశాను. "ఆ విత్తనంలో రెండు రకాల విషం ఉంది. శనగపచ్చ పురుగు వాటికి ఇంకా చస్తోంది. గులాబీ పురుగు రెండింటికీ అలవాటు పడిపోయింది. మీ తప్పు కాదు. కానీ విత్తనం ఆపడం లేదు కాబట్టి మనమే చూసుకోవాలి, చూసే పద్ధతి ఇదిగో" అని సంచి తీశాను. ఇరవై కాయలు ముందు వరసలో పంచి, కొడవలితో చీల్చమన్నాను. పైకి ఒక్క కాయ మీదా రంధ్రం లేదు. ఏడో కాయ చీల్చిన ఆయన "ఉన్నది సార్" అన్నాడు. గింజ పక్కన గులాబీ రంగులో, బియ్యపు గింజంత. చెయ్యి నుంచి చెయ్యికి పోయింది ఆ కాయ. పద్నాలుగోదాంట్లో ఇంకొకటి, పదహారోదాంట్లో మూడోది. ఇరవైలో రెండు ఉంటేనే మందు కొట్టే హద్దు అని బోర్డు మీద రాశాను. మూడు దొరికాయి. చేను ఎవరిదని అందరూ అడిగారు. చేను ఆయన అక్కడే ఉన్నాడు, తలపట్టుకున్నాడు.

దెబ్బ తిన్నది ఇంకో చోట. ఒకాయన దుకాణంలో ఇచ్చిన రెండు మందులు కలిపి కొడితే ఆకు మాడిందన్నాడు. నేను రాసుకున్న జాబితాలో అది లేదు. కంగారులో "మందు కంటే ముందు లెక్క చూడటం ముఖ్యం" అనేశాను. ఆయన "నేనడిగింది అది కాదు" అన్నాడు. నిజమే, కాదు. ఏ మందులో కూడా నేను అడగలేదు. సూటి మాట గారు చెప్పిన తప్పు నా నోట్లోంచే వచ్చింది. రెండు సీసాలూ, మాడిన ఆకూ ఫోటో పంపమని సభ అయ్యాక వెళ్లి అడిగాను. ఇంకా పంపలేదు.

చీటీలు నాలుగు వచ్చాయి. ఒకదాంట్లో, "చివరి ఏరుడు అయ్యాక కట్టె ఎప్పుడు పీకాలి, మేకలకు వదలొచ్చా?" జనవరి దాటి చేనులో పంట ఉంచవద్దని చెప్పాలని ముగింపులో ముందే రాసుకున్నాను. చీటీ చదివి అందులోకి వెళ్లిపోయాను. పీకిన కట్టె గట్టు మీద కుప్ప పోసి ఉంచితే, అందులో మిగిలిన కాయల్లోంచి పురుగు వచ్చే పంటకు దిగుతుందని, మేకలను వదిలితే ఆ కాయలు తినేస్తాయని చెప్పాను. ముగింపు ఐదు నిమిషాలు మిగిలాయి. వాటిలో 8, మూడు రాత్రులు, 20 కాయల్లో 2. అంతే.

బయట పోయినసారిలాగే అడిగాను, ఈసారి ఆరుగురిని. కాయల లెక్క ఐదుగురు చెప్పారు. బుట్ట లెక్క ఇద్దరే.

మిర్చి కౌలు

కాయ చేతిలో పెట్టావు కాబట్టి కాయ లెక్క నిలిచింది. వచ్చేసారి బుట్ట కూడా తీసుకుపో తమ్ముడూ, రాత్రి పడ్డ పురుగులతో సహా. ఆ పదకొండు పేర్ల సంగతి ఏమైంది?

రెండో ఏడు ఏఈవో

మండలంలో ఇచ్చాను అన్నా. మూడు పేర్లు జాబితాలోనే లేవు. రేపు వాళ్ల ఇళ్లకు పోయి కాగితాలు చూడాలి.

విస్తరణలో పాతికేళ్లు

ఆ మందులు కలిపినాయన ఇంటికి కూడా రేపే పో. ఫోటో కోసం చూడకు.